కట్టెల పొయ్యి మీది పైకప్పు, గోడల మసి వదిలించడం: పసుపు మరక మళ్ళీ పైకి రాకుండా

చంద్రగిరి దగ్గర పల్లెలో మా అవ్వ వంటిల్లు ముప్పై ఏళ్ళకు పైగా కట్టెల పొయ్యితోనే నడిచింది. సర్వి కట్టెలు, చింత మొద్దులు, వానాకాలంలో సగం తడిసిన టెంకాయ మట్టలు, ఏది చేతికొస్తే అది పొయ్యిలోకి పోయేది. గ్యాసు వచ్చాక ఆ వంటింటికి రెండుసార్లు రంగు వేయించాం. రెండుసార్లూ మూడు వారాలు తెల్లగా కనిపించింది. ఆ తర్వాత వానలు పట్టుకోగానే పైకప్పు మీద టీ ఒలికినట్టు పసుపు మరకలు తేలాయి. మేస్త్రి వచ్చి చూసి, "ఇంకో కోటింగు కొడితే పోతాది సామీ" అన్నాడు. కొట్టించాం. పోలేదు. మూడోసారి మేమే చేసుకున్నాం, అప్పుడు నిలిచింది. మీ ఇంట్లోనూ ఇలాంటి వంటిల్లు ఉంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలియాలి. వరస తప్పితే ఎంత ఖరీదైన రంగు వేసినా ఇదే జరుగుతుంది.

పొగ గోడకు రెండు రకాల సరుకును అంటిస్తుంది. ఒకటి మసి, అంటే నల్లటి బొగ్గు పొడి. అది నీళ్ళలో కరగదు, సబ్బులో కరగదు, రుద్దితే మాత్రం సన్నటి రంధ్రాల్లోకి దిగిపోతుంది. రెండోది కట్టె సరిగ్గా మండనప్పుడు ఆవిరిగా లేచి, చల్లటి గోడ తగలగానే గడ్డకట్టే తారు. పచ్చి కట్టె, తడి మట్ట పెట్టిన రోజుల్లో ఇది ఎక్కువ. ఈ తారులో కొంత భాగం నీళ్ళలో కరుగుతుంది. దాని మీద సున్నం గానీ, డిస్టెంపర్ గానీ, ఎమల్షన్ గానీ వేస్తే, ఆ పూతలోని నీళ్ళు తారు పసుపును కరిగించుకుంటాయి. ఆరేటప్పుడు ఆ నీళ్ళు పైకి వస్తూ పసుపును కూడా పైకి తెచ్చి, తాము ఆవిరైపోయి దాన్ని అక్కడే వదిలేస్తాయి. ఇంకో కోటింగు వేయడమంటే ఇంకోసారి నీళ్ళు పోసి పసుపును పైకి లాగడమే. మా పైకప్పుకు రెండుసార్లు జరిగింది ఇదే.

అందుకని పని మూడు భాగాలు. మసిని పొడిగా ఉండగానే తీయాలి. జిడ్డును, తారును సోడా నీళ్ళతో గానీ బూడిద నీళ్ళతో గానీ కడగాలి. ఆ తర్వాత కూడా మిగిలిపోయే పసుపును నీళ్ళు లేని పూతతో మూసేయాలి.

ముందుగా గోడను పరీక్షించండి

తెల్లటి పాత గుడ్డను పొడిగా వేలికి చుట్టి గోడ మీద మెల్లగా లాగండి. గుడ్డకు నల్లటి పొడి అంటి, గోడ తేలికపడితే అది పొడి మసి. నలుపు సాగి గీతలా పరుచుకుంటే అందులో తాలింపు నూనె జిడ్డు కలిసింది. ఏమీ రాకుండా గోడ నల్లగా, వార్నిష్ వేసినట్టు మెరుస్తుంటే అది తారు పొర. మామూలుగా ఒకే వంటింట్లో ఈ మూడూ ఉంటాయి. పొయ్యికి సరిగ్గా పైన మెరుపు, దాని చుట్టూ జిడ్డు, దూరంగా మూలల్లో పొడి మసి.

తర్వాత వేలు తడిచేసి, మసి తక్కువగా ఉన్న చోట రుద్దండి. వేలికి తెల్లటి సుద్ద అంటితే అది సున్నం గానీ పాత డిస్టెంపర్ గానీ. అంటకపోతే పెయింటు. ఈ తేడా చాలా ముఖ్యం. మా వంటింట్లో గోడలు పాత సున్నపు గారవి, పైకప్పు మాత్రం తర్వాత పోసిన స్లాబు. ఒకే గదిలో గోడలకు ఒక పద్ధతి, పైకప్పుకు ఇంకో పద్ధతి పాటించాల్సి వచ్చింది.

చివరిగా కర్రతో పైకప్పును అక్కడక్కడా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, కమ్మీల వెంట పగులు, తుప్పు మరక కనబడినా అక్కడ రుద్దకండి, పెచ్చు ఊడి మీద పడుతుంది. ముందు దాన్ని బాగుచేయించాలి. మిద్దె కారుతుంటే అది కూడా ముందే చూసుకోవాలి. పైనుంచి దిగే నీళ్ళు తారును మళ్ళీ కరిగిస్తూనే ఉంటాయి.

ఎప్పుడు చేయాలన్నది కూడా ఇక్కడే చెబుతాను. మన వైపు సంక్రాంతికి ముందు వెల్ల వేయించడం అలవాటు. కానీ తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. గోడలు అప్పుడు తడి పీల్చుకుని ఉంటాయి. మసి వదిలించే పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. ఉగాదికి ముందు పెట్టుకుంటే కడిగిన గోడ చక్కగా ఆరుతుంది.

పొడిగా తీయడం

చాలామంది మొదటి గంటలోనే బకెట్టు, సబ్బు తెచ్చి పని చెడగొట్టుకుంటారు. పొడి మసి మీద నీళ్ళు పడితే అది సిరా అవుతుంది. గార ఆ సిరాను లోపలికి పీల్చుకుంటుంది, ఇక దాన్ని ఏదీ తీయలేదు. కాబట్టి మొదటి రోజు నీళ్ళు ముట్టకండి.

సామానంతా బయటపెట్టండి. గ్యాసు బండను కూడా బయటికి తీసి, గాలి ఆడే చోట ఉంచండి. మెయిన్ స్విచ్ ఆపి, బల్బులు విప్పండి. ఫ్యాన్ వేయకూడదు. నేల మీద పాత పంచెలు గానీ ప్లాస్టిక్ షీటు గానీ పరిచి, ఇంట్లోకి వెళ్ళే తలుపు కింద తడి గోనెసంచి పెట్టండి, బయటి కిటికీ మాత్రం తెరిచి ఉంచండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. మసి చాలా సన్నటిది, క్యాన్సర్ కారకం కూడా. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, తలకు తువ్వాలు, నిండు చేతుల చొక్కా ఉండాలి. పైకి చూస్తూ చేసే పని కాబట్టి కళ్ళద్దాలు లేకుండా మొదలుపెట్టొద్దు.

మెత్తటి నాలుగంగుళాల పెయింటు కుంచె తీసుకోండి. పొరకతో ఊడవకండి, అది మసిని గోడకు పులుముతుంది. పైకప్పులో తలుపుకు దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, ఒకే దిక్కుకు, బరువు పెట్టకుండా కుంచె లాగండి. ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. పైకప్పు అయ్యాక గోడలు, పైనుంచి కిందికి. కుంచెను మాటిమాటికీ పాలిథిన్ సంచిలో దులపండి.

కుంచెతో రాలేదనుకున్న మసికి చపాతీ పిండి పనికొస్తుంది. పిండితో గోడ తుడవడం పాత పద్ధతి, నునుపైన గోడ మీద బాగా పనిచేస్తుంది. కిలో గోధుమ పిండికి గుప్పెడు ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి, చపాతీకంటే గట్టిగా, చేతికి ఏమాత్రం అంటుకోనంతగా కలపండి. అరగంట ఆగి, గుప్పెడు ముద్ద తీసుకుని గోడకు ఒత్తి, ఒకే వైపుకు లాగండి. ముద్ద మసిని పట్టుకుంటుంది. నల్లబడ్డ వైపును లోపలికి మడిచి మళ్ళీ వాడండి. మొత్తం బూడిదరంగుకు తిరిగాక పారేయండి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న మా పైకప్పుకు రెండు కిలోల పిండి పట్టింది. వాడిన ముద్దను ఆవులకు, కోళ్ళకు వేయకండి. గరుకు గార మీద పిండి చిల్లుల్లో ఇరుక్కుని చీమలు పడతాయి. అక్కడ కుంచెతోనే ఆగాలి.

పొయ్యి మీద మెరిసే తారు పొర పిండికి లొంగదు. లప్పం పట్టే బ్లేడును పడకవేసి, పొర కింద దూర్చి పెచ్చులుగా లేపండి. దాని కింద పాత ఆయిల్ పెయింటు కనబడితే పొడి ఉప్పుకాగితంతో రుద్దకండి. ఇళ్ళ రంగుల్లో సీసం మీద కట్టడి 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందు వేసిన రంగు దుమ్ము పిల్లలున్న ఇంట్లో లేవకూడదు.

పెయింటు ఉన్న చోట సోడా నీళ్ళు

ఇక్కడ కావాల్సింది బట్టల సోడా, కొందరు చాకలి సోడా అంటారు. వంటసోడా వేరు, అది ఈ పనికి చాలా బలహీనం. ప్లాస్టిక్ బకెట్టులో ఐదు లీటర్ల వేడి నీళ్ళకు సుమారు వంద గ్రాముల సోడా, ఒక చెంచా అంట్లు తోమే లిక్విడ్ కలపండి. అల్యూమినియం గిన్నె వాడకండి, సోడా దాన్ని తింటుంది. రబ్బరు గ్లౌజులు వేసుకోండి. పక్కన మంచినీళ్ళ బకెట్టు ఒకటి ఉండాలి.

ముందు ఒక మూల పళ్ళెమంత చోట ప్రయత్నించండి. రంగు ఊడొస్తే బలం సగానికి తగ్గించండి. పైకప్పు మీద స్పాంజిని బాగా పిండి వాడాలి, చుక్కలు కారకూడదు. గోడల దగ్గర మాత్రం కింది నుంచి పైకి రండి. పైనుంచి కడిగితే మురికి నీళ్ళు కింది పొడి గోడ మీద చారలుగా దిగి, ఆ చారలు నిలిచిపోతాయి. అప్పటికే తడిసిన గోడ మీద నుంచి కారితే తుడిస్తే పోతుంది. రెండడుగుల చదరం చొప్పున సోడా నీళ్ళు పూసి, ఐదు నిమిషాలు నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, ఆరకముందే మంచినీళ్ళతో తుడవండి. నీళ్ళు నల్లబడగానే మార్చండి. మాకు ఆ పైకప్పుకు సోడా నీళ్ళు మూడు బకెట్లు, మంచినీళ్ళు ఏడు బకెట్లు అయ్యాయి. ఈ పనిలో ఎక్కువ శ్రమ నీళ్ళు మార్చడంలోనే ఉంది.

చివరి కడుగు రెండుసార్లు చేయండి. సోడా గోడలో మిగిలితే, పసుపును మూసేయడానికి తర్వాత వేసే లక్క పూతను అది కరిగించేస్తుంది. బోరు నీళ్ళు ఉప్పుగా ఉండే ఊళ్ళలో కడిగిన గోడ ఆరాక తెల్లటి పొడి తేలుతుంది. చివరి తుడుపుకైనా తాగే నీళ్ళు వాడితే ఆ బాధ ఉండదు.

బ్లీచింగ్ పౌడర్ గురించి చాలామంది అడుగుతారు. మసి అంటే బొగ్గు, బొగ్గుకు బ్లీచింగ్ అంటదు. బాత్రూం యాసిడ్ అసలు వద్దు. సున్నం, సిమెంటు రెండూ దానికి నురగకట్టి కరిగిపోతాయి, లోపలి కమ్మీ తుప్పు పడుతుంది. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే వచ్చే గ్యాసు ప్రాణానికే ప్రమాదం.

సున్నపు గోడకు బూడిద నీళ్ళు

సున్నపు గోడను సోడాతో కడగబోతే పైపొర అంతా పాలలా కారిపోతుంది. దీనికి మన పాత పనివాళ్ళ పద్ధతే సరైనది. పొగ పట్టిన గోడను వెల్లకు ముందు కట్టె బూడిద, నీళ్ళు కలిపి కడగాలని ప్రభుత్వ కట్టడాల నిబంధనల్లో కూడా రాశారు. బూడిదలో ఉండే క్షారం జిడ్డును సబ్బుగా మార్చి వదిలిస్తుంది, బూడిద రేణువులు మెత్తగా రాపిడి పెడతాయి. మసి చేసిన పొయ్యిలోనే దాని మందు కూడా ఉందన్నమాట.

ఒక వంతు జల్లించిన కట్టె బూడిదకు నాలుగు వంతుల నీళ్ళు కలిపి రాత్రంతా ఉంచండి. ప్లాస్టిక్ కాల్చిన పొయ్యి బూడిద వద్దు. పొద్దున కలియబెట్టి సున్నం కుంచెతో పూసి, పది నిమిషాల తర్వాత టెంకాయ పీచుతో తేలికగా రుద్ది, తడిగుడ్డతో తుడవండి. వదులుగా ఉన్న పాత సున్నం పొరలు దీంతో ఊడతాయి. ఊడనివ్వండి, వాటితోపాటే మసి కూడా పోతుంది. మిగిలినవాటిని బ్లేడుతో గీకండి.

కొత్త సున్నానికి కిలో గుల్ల సున్నానికి ఐదు లీటర్ల నీళ్ళ లెక్కన కలిపి, ఒక రోజంతా నాననిచ్చి, ముతక గుడ్డతో వడగట్టాలి. నీళ్ళు పోయగానే సున్నం సలసలా ఉడుకుతుంది, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. లీటరు సున్నపు నీళ్ళకు నాలుగు గ్రాముల బంక వేడినీళ్ళలో కరిగించి కలిపితే చేతికి అంటదు. మూడు పూతలు వేయాలి, ఒకటి ఆరాక ఇంకొకటి.

సున్నపు గోడకు లక్క గానీ ఆయిల్ ప్రైమర్ గానీ వేయాలని అనిపిస్తుంది. పాత ఇళ్ళ గోడలు నేల నుంచి తడి పీల్చి, ఆ తడిని గార గుండా బయటికి వదులుతుంటాయి. పైన గాలి ఆడని పూత వేస్తే తడి లోపలే ఇరుక్కుని, రెండేళ్ళలో గార బుడగలెత్తి ఊడుతుంది. కాబట్టి సున్నపు గోడ మీద కొంచెం పసుపు ఛాయ మిగిలితే మిగలనివ్వండి, మరుసటి ఏడు వెల్లకు ఇంకాస్త తగ్గుతుంది. పొయ్యికి నేరుగా వెనకున్న గార లోపలికంటా నల్లబడి ఉంటే మాత్రం ఆ ముక్కను చెక్కించి కొత్త గార పట్టించడమే దారి. మేము రెండడుగుల మేర అలాగే చేయించాం.

పైకప్పు పసుపును మూసేయడం

కడిగిన స్లాబును ఎండాకాలమైతే నాలుగు రోజులు, లేకపోతే వారం పైనే ఆరనివ్వాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో పైకప్పుకు అతికించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఇంకా ఆరలేదు.

ఆరాక ఇంకో పరీక్ష. తెల్లగుడ్డను తడిపి పిండి, నాలుగు మడతలు వేసి, మరక ఉన్న చోట పది నిమిషాలు అదిమి పట్టండి. గుడ్డకు పసుపు దిగితే నీళ్ళ రంగు వేసినా అదే దిగుతుంది. దిగకపోతే నేరుగా ప్రైమర్, ఎమల్షన్ వేసుకోవచ్చు. మా పైకప్పు కడిగాక కంటికి శుభ్రంగానే ఉంది, కానీ పొయ్యి మీది నాలుగడుగుల మేర గుడ్డ పసుపెక్కింది.

పసుపు దిగిన చోట నీళ్ళు లేని పూత కావాలి. వడ్రంగులు తలుపులకు వాడే లక్క పాలిష్ దీనికి మంచిది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, తారులో నీళ్ళకు కరిగే పసుపును అది కదిలించదు. హార్డ్‌వేర్ షాపులో లక్క రేకులు దొరుకుతాయి. లీటరు పాలిష్ స్పిరిట్‌కు రెండు వందల గ్రాముల రేకులు గాజు సీసాలో వేసి, మధ్యమధ్య ఊపుతూ ఒక రాత్రి ఉంచితే కరుగుతాయి. పలచని గుడ్డలో వడగట్టి, మరక అంచు దాటి అరడుగు బయటికి వచ్చేలా పలచగా పూయండి. గంటలో ఆరుతుంది. ఆరాక రెండో పూత. లక్క తేనె రంగులో కనబడితే కంగారు పడకండి, అది పైకి రాదు. తడిగుడ్డ పరీక్ష మళ్ళీ చేయండి. ఈసారి గుడ్డ తెల్లగా రావాలి. రాకపోతే మూడో పూత.

స్పిరిట్ ఆవిరి అగ్గిపుల్లకు కూడా అంటుకుంటుంది. ఇంట్లో ఎక్కడా పొయ్యి, దీపం, అగరుబత్తి వెలగకూడదు. వాసన పోయేదాకా కిటికీలు తెరిచే ఉంచాలి, గ్యాసు బండ లోపలికి తేకూడదు.

ఆ పొయ్యిని మీరు ఇంకా వాడుతుంటే లక్క వద్దు. సెగకు అది మెత్తబడుతుంది. అక్కడ టర్పెంటైన్‌తో పలచన చేసే ఆయిల్ ప్రైమర్ రెండు పూతలు వేయండి, పూతకు పూతకు ఒక రోజు ఎడం ఇవ్వండి. పొగగొట్టం లేకపోతే ముందు అది పెట్టించాలి. లేదంటే కొత్త రంగు మీద ఆరు నెలల్లో కొత్త మసి చేరుతుంది.

లక్క ఆరిన మరుసటి రోజు మామూలు ఎమల్షన్ రెండు పూతలు వేశాం. ఆ ఏడు నవంబరు వానలకు పైకప్పు మొత్తం తెల్లగానే ఉంది, ఒక్క చోట తప్ప. బల్బు హోల్డరు చుట్టూ అరచేయంత మేర పసుపు తేలింది. అక్కడ కుంచె సరిగ్గా తిరగక ఒక్క పూతే పడి ఉంటుంది. ఫిబ్రవరిలో మెయిన్ ఆపి, హోల్డరు విప్పి, ఆ మరక మీద నేరుగా లక్క రెండుసార్లు పూసి, పైన ఎమల్షన్ అద్దాను.